సూచీ వెనక ఉన్న షేర్ల బుట్ట

1982 ఫిబ్రవరి 24న అమెరికాలోని కాన్సాస్ సిటీ బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో ఓ కొత్త సరుకు అమ్మకానికి వచ్చింది. అప్పటిదాకా ఆ ఎక్స్ఛేంజీకి పేరు తెచ్చింది గోధుమల ఫ్యూచర్స్, అంటే ముందు రాబోయే తేదీకి ఇవాళే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టులు. కొత్తగా వచ్చినదానికి గిడ్డంగి అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. అది వేల్యూ లైన్ అనే షేర్ల సూచీ మీద కాంట్రాక్టు. షేర్ల సూచీ మీద మొదలైన తొలి ఫ్యూచర్స్ ఇవే. రెండు నెలలు తిరగకుండానే, ఏప్రిల్ 21న, షికాగోలో ఎస్ అండ్ పీ 500 సూచీ మీద కూడా ఫ్యూచర్స్ మొదలయ్యాయి.

పైకి చూస్తే రెండూ ఒకే జాతి కాంట్రాక్టులు. కానీ కాన్సాస్ సిటీ కాంట్రాక్టుకు సరైన ధర ఎంత ఉండాలో లెక్కగట్టడంలో చాలామంది కొన్నేళ్లపాటు పొరబడ్డారు. షికాగో కాంట్రాక్టుకు సరిపోయిన లెక్కనే దీనికీ వేశారు. తేడా ఫ్యూచర్స్‌లో లేదు, దాని కింద ఉన్న సూచీని కట్టిన తీరులో ఉంది. అదెలాగో తెలియాలంటే ముందు సూచీని విప్పి చూడాలి.

కూడిక, భాగహారం, ఒక డివైజర్

మూడే కంపెనీలున్న చిన్న మార్కెట్ ఒకటి అనుకుందాం. ఎ షేరు ధర 400, బి ధర 100, సి ధర 50. మూడింటినీ కూడితే 550. సూచీ 100 దగ్గర మొదలవ్వాలనుకుంటే 550ని 5.5తో భాగించాలి. ఈ 5.5నే డివైజర్ అంటారు. ధరలు కూడి డివైజర్‌తో భాగించడం, అంతే. ధర ఆధారిత సూచీ అంటే ఇదే. 1896 మే 26న చార్లెస్ డౌ 12 కంపెనీల షేర్లతో డౌ జోన్స్ ఇండస్ట్రియల్ యావరేజీని ప్రచురించినప్పుడు లెక్క ఇంతకంటే తేలిక. పన్నెండు ధరలూ కూడి పన్నెండుతో భాగించారు, 40.94 వచ్చింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎ కంపెనీ తన షేరును స్ప్లిట్ చేసి, అంటే ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసిన రోజున. ముందురోజు 400 ఉన్న షేరు ఇవాళ 100. ఎవరికీ నష్టం లేదు, ఒక షేరున్నవాళ్ల దగ్గర నాలుగున్నాయి. కానీ కూడిక మాత్రం 550 నుంచి 250కి పడిపోయింది. పాత డివైజర్‌తోనే భాగిస్తే సూచీ 45 చూపిస్తుంది, అంటే మార్కెట్ సగానికి పైగా కూలిపోయినట్టు. అందుకని ఆ రాత్రే డివైజర్‌ను 5.5 నుంచి 2.5కి మారుస్తారు. 250ని 2.5తో భాగిస్తే మళ్లీ 100. సూచీ కదల్లేదు.

కదల్లేదు కానీ లోపల మాత్రం అంతా మారిపోయింది. స్ప్లిట్‌కు ముందు సూచీలో ఎ వాటా 550లో 400, అంటే దాదాపు 73 శాతం. బి వాటా 18 శాతం. స్ప్లిట్ తర్వాత ఎ, బి రెండూ చెరో 40 శాతం. మర్నాడు బి షేరు 10 శాతం పెరిగితే సూచీ 4 శాతం ఎగురుతుంది. అదే పెరుగుదల స్ప్లిట్‌కు ముందురోజు జరిగి ఉంటే సూచీ కదిలేది 1.8 శాతమే. బి కంపెనీలో ఏ మార్పూ రాలేదు, దాని వ్యాపారం ఎలా ఉండేదో అలాగే ఉంది. పక్క కంపెనీ తన షేరు కాగితాన్ని చింపి నాలుగు చేసుకున్నందుకు బి ప్రభావం రెట్టింపుకు పైగా పెరిగింది.

ఇదేమీ పుస్తకాల్లో ఉదాహరణ కాదు. 2020 ఆగస్టు 31న ఆపిల్ సరిగ్గా ఇలాగే ఒక షేరును నాలుగు చేసింది. అప్పటికి దాని ధర 500 డాలర్ల దరిదాపుల్లో ఉండి, డౌలో దాదాపు 12 శాతం వాటాతో అందరికంటే ముందుండేది. స్ప్లిట్ తర్వాత ధర 125 డాలర్లయింది, వాటా 3 శాతం లోపుకి జారింది. ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీల్లో ఒకటి, రాత్రికి రాత్రే డౌలో మధ్య తరగతిలో పడిపోయింది. ఆ ఒక్క స్ప్లిట్‌తో సూచీలో టెక్నాలజీ రంగం వాటా ఎంతగా తగ్గిందంటే, అదే రోజున ఎక్సాన్‌మొబిల్, ఫైజర్, రేథియాన్‌లను తీసేసి సేల్స్‌ఫోర్స్, ఆమ్జెన్, హనీవెల్‌లను చేర్చారు.

వందేళ్లకు పైగా స్ప్లిట్‌లు, మార్పులు చేర్పులు జరిగీ జరిగీ డౌ డివైజర్ ఇప్పుడు 0.16 దరిదాపులకు వచ్చింది. పేరుకి భాగహారమే గానీ, ఒకటి కంటే తక్కువ అంకెతో భాగిస్తే ఫలితం పెరుగుతుంది కదా. ఏ కంపెనీ షేరైనా ఒక్క డాలర్ పెరిగితే డౌ ఆరు పాయింట్లకు పైగా పెరుగుతుంది. ఆ డాలర్ 50 డాలర్ల షేరులో పెరిగిందా, 500 డాలర్ల షేరులో పెరిగిందా అన్నది సూచీకి పట్టదు.

లెక్క ఎంత తేలికైనా దాన్ని చేసే చేతి మీద కూడా ఆధారపడుతుంది. 1982 జనవరిలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ తన కొత్త సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. మార్కెట్ బాగానే ఉన్నా సూచీ మాత్రం నెలనెలా కరిగిపోతూ, 1983 నవంబరు చివరికి 524.811కి చేరింది. ఏంటా అని చూస్తే, షేరు ధర కదిలినప్పుడల్లా సూచీని తిరిగి లెక్కగట్టే ప్రోగ్రామ్ మూడో దశాంశం తర్వాత ఉన్నదాన్ని సవరించకుండా ఊరికే నరికేస్తోంది. రోజుకు వేల సార్లు నరికితే, ఒక్కోసారి పోయేది వెయ్యో వంతులో సగమే అయినా, రోజు గడిచేసరికి ఒక పాయింటుకు పైగా పోతుంది. సరిగ్గా లెక్కేసి తర్వాతి సోమవారం చూపించిన అంకె 1098.892. అంతకాలం ఎవరికీ అనుమానం రాకపోవడమే వింత. అందులోని షేర్లను విడిగా కూడి చూసినవాళ్లకు మొదటి నెలలోనే తెలిసిపోయేది.

ఒకే పెరుగుదల, నాలుగు జవాబులు

ఇప్పుడు మన మూడు కంపెనీలనే ఇంకో రకంగా తూచి చూద్దాం. స్ప్లిట్‌కు ముందు ఎ కంపెనీకి కోటి షేర్లు, బికి 12 కోట్లు, సికి 8 కోట్లు ఉన్నాయనుకుందాం. ధరతో గుణిస్తే వాటి మార్కెట్ విలువలు వరుసగా 400 కోట్లు, 1,200 కోట్లు, 400 కోట్లు. మొత్తం 2,000 కోట్లు. మార్కెట్ విలువ ప్రకారం వెయిటేజీ ఇస్తే బి వాటా 60 శాతం. ధరల పద్ధతిలో రాజులా వెలిగిన ఎ ఇక్కడ 20 శాతమే.

కానీ బిలో 75 శాతం షేర్లు ప్రమోటర్ల దగ్గరే ఉన్నాయి, అవి మార్కెట్లోకి రావు. సిలో పావు వంతు అలాగే ఇరుక్కుని ఉంది. కొనడానికి దొరికే షేర్లనే లెక్కలోకి తీసుకుంటే ఎ 400 కోట్లు, బి 300 కోట్లు, సి 300 కోట్లు. ఇది ఫ్రీ ఫ్లోట్ పద్ధతి. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద సూచీల్లో ఎక్కువ భాగం దీన్నే వాడుతున్నాయి, ఎస్ అండ్ పీ 500 కూడా 2005లో దీనికి మారింది. కారణం ఆచరణకు సంబంధించింది. సూచీని అనుసరించే ఫండ్‌లు పెరిగేకొద్దీ, దొరకని షేర్లకు పెద్ద వాటా ఇచ్చే సూచీని అనుసరించడం కుదరని పని అయింది. ఉన్న కాసిని షేర్ల కోసం అందరూ ఎగబడితే ధర అనవసరంగా పెరిగిపోతుంది.

నాలుగో పద్ధతి సమాన వెయిటేజీ. చిన్నా పెద్దా తేడా లేకుండా మూడింటికీ మూడో వంతు.

ఇప్పుడు స్ప్లిట్ ఏదీ లేని మామూలు రోజున బి షేరు ఒక్కటే 10 శాతం పెరిగిందనుకుందాం. ధర ఆధారిత సూచీ 1.8 శాతం పెరుగుతుంది. పూర్తి మార్కెట్ విలువ సూచీ 6 శాతం, ఫ్రీ ఫ్లోట్ సూచీ 3 శాతం, సమాన వెయిటేజీ సూచీ 3.3 శాతం. అదే మార్కెట్, అదే రోజు. "ఇవాళ మార్కెట్ ఎంత పెరిగింది" అన్న ప్రశ్నకు సూచీని బట్టి నాలుగు జవాబులు, నాలుగూ సరైనవే.

ఏది మంచిదన్న వాదనలో చాలా సిరా ఖర్చయింది. ట్రేడింగ్ కోణంలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటుంది. ఈ సూచీని అచ్చంగా చేతిలో పట్టుకోవాలంటే ఏం కొనాలి, కొన్నాక ఎంత తరచుగా కదపాలి?

ధర ఆధారిత సూచీకి జవాబు, ఒక్కో కంపెనీ షేరు సమాన సంఖ్యలో కొనడం. మార్కెట్ విలువ సూచీకి జవాబు, ఒక్కో కంపెనీలో ఒకే శాతం ముక్క కొనడం. ఈ రెండో దానిలో ఒక సుఖముంది. ధరలు ఎటు కదిలినా బుట్టను ముట్టుకోనక్కర్లేదు. బి షేరు పెరిగితే సూచీలో దాని వాటా పెరుగుతుంది, బుట్టలో కూడా దానంతట అదే పెరుగుతుంది. స్ప్లిట్ అయినా అంతే, ధర నాలుగో వంతయితే షేర్లు నాలుగింతలవుతాయి, విలువ మారదు. సమాన వెయిటేజీ బుట్టకు ఆ సుఖం లేదు. ఒక్క రోజు గడిచేసరికే వాటాలు చెదిరిపోతాయి. మూడు నెలలకోసారో మరోసారో, పెరిగినదాన్ని కొంత అమ్మి తగ్గినదాన్ని కొని మళ్లీ సమానం చేయాలి. ప్రతిసారీ ఖర్చు.

మార్కెట్ విలువ సూచీలో కదలిక తప్పనిసరయ్యేది కంపెనీలు మారినప్పుడు. మన ఫ్రీ ఫ్లోట్ బుట్ట విలువ 1,000 కోట్లు, డివైజర్ కోటి, సూచీ 1000 అనుకుందాం. సిని తీసేసి, 500 కోట్ల ఫ్రీ ఫ్లోట్ ఉన్న డిని చేర్చారు. కొత్త మొత్తం 1,200 కోట్లు, డివైజర్ 1.2 కోట్లు, సూచీ మళ్లీ 1000. తెర మీద చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే. ఫండ్ మేనేజర్‌కు మాత్రం ఆ రోజు టెన్షనే. బుట్టలో 30 శాతం ఉన్న సిని మొత్తం అమ్మినా, డి వాటా దాదాపు 42 శాతం కాబట్టి ఆ డబ్బు చాలదు. ఎ, బి షేర్లను కూడా కొంచెం కొంచెం అమ్మాలి. 2020 డిసెంబరు 21న టెస్లా ఎస్ అండ్ పీ 500లో చేరినప్పుడు ఇదే పెద్ద ఎత్తున జరిగింది. నవంబరు 16న ప్రకటన వచ్చింది. చేరేలోపే షేరు సుమారు 70 శాతం పెరిగింది. ఫండ్‌లు కొని తీరాలని, ఏ రోజు ముగింపు ధరకు కొంటాయో కూడా అందరికీ ముందే తెలుసు మరి.

ఫ్యూచర్స్ ధరను పట్టి ఉంచే తాడు

సూచీని నేరుగా కొనలేం, అది లెక్క మాత్రమే. ఫ్యూచర్స్ ఆ లెక్కకు ఒక ధర పెడతాయి. ఒక పాయింటుకు ఇంత అని గుణకం ఉంటుంది. ఎస్ అండ్ పీ 500 కాంట్రాక్టు మొదలైనప్పుడు పాయింటుకు 500 డాలర్లు, 1997లో వచ్చిన ఇ-మినీలో 50 డాలర్లు. కాంట్రాక్టు గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజున ఎవరూ ఎవరికీ షేర్లు ఇవ్వరు. సూచీ ఎక్కడుందో చూసి తేడా నగదుగా చెల్లించుకుంటారు.

షేర్లు చేతులు మారకపోతే ఫ్యూచర్స్ ధర సూచీకి దగ్గర్లో ఎందుకుంటుంది? గాల్లో తేలిపోవచ్చు కదా? దాన్ని కట్టి ఉంచేది, ఇంతసేపూ చెప్పుకున్న ఆ బుట్టే.

సూచీ 1000 ఉంది, ఎక్స్‌పైరీకి మూడు నెలలుంది, వడ్డీ ఏడాదికి 6 శాతం. బుట్ట కొనడానికి 1000 అప్పు చేస్తే మూడు నెలల వడ్డీ 15. ఈలోపు ఆ షేర్ల మీద డివిడెండ్లు 5 పాయింట్ల మేర వస్తాయి. కాబట్టి మూడు నెలలు బుట్ట మోయడానికి నికరంగా అయ్యే ఖర్చు 10. ఫ్యూచర్స్ ఉండాల్సిన ధర 1010. ఇది మూడు నెలల తర్వాత సూచీ ఎక్కడుంటుందన్న జోస్యం కాదు, కేవలం మోత ఖర్చు. ఫ్యూచర్స్ పైన నడుస్తున్నాయి కాబట్టి మార్కెట్ పెరుగుతుందని చెప్పేవాళ్లు ఈ 10ని మర్చిపోతున్నట్టే.

మార్కెట్లో ఫ్యూచర్స్ 1018 దగ్గర నడుస్తోందనుకుందాం. అప్పు తెచ్చి 1000కి బుట్ట కొని, అదే క్షణంలో ఫ్యూచర్స్ 1018కి అమ్మేయాలి. ఎక్స్‌పైరీకి సూచీ 900కి పడితే, బుట్టలో 100 పోయింది, ఫ్యూచర్స్‌లో 118 వచ్చింది, డివిడెండ్లు 5 వచ్చాయి, వడ్డీ 15 కట్టాలి. మిగిలింది 8. సూచీ 1100కి పెరిగితే బుట్టలో 100 లాభం, ఫ్యూచర్స్‌లో 82 నష్టం, 5 వచ్చి 15 పోతే, మిగిలింది మళ్లీ 8. మార్కెట్ ఎటు పోయినా అదే 8. ఇలాంటి డబ్బు కనిపిస్తే ఎవరూ వదలరు. అందరూ బుట్ట కొని ఫ్యూచర్స్ అమ్మేసరికి 1018 కిందికి దిగుతుంది. ఇదే ఇండెక్స్ ఆర్బిట్రేజ్.

అది సరిగ్గా 1010కే దిగుతుందనుకుంటే పొరపాటు. బుట్టలోని షేర్లన్నీ కొని, అమ్మడానికి నాలుగు పాయింట్లు ఖర్చయితే, 1006 నుంచి 1014 దాకా ఎవరూ ముట్టుకోరు. కింది వైపు ఇంకా కష్టం. ఫ్యూచర్స్ చవగ్గా ఉన్నప్పుడు లాభపడాలంటే బుట్టలోని షేర్లను అరువు తెచ్చి అమ్మాలి. అరువు దొరకని చోట, ఖరీదైన చోట ఫ్యూచర్స్ డిస్కౌంట్‌లో రోజుల తరబడి ఉండిపోతాయి. పైగా ఫ్యూచర్స్ లాభనష్టాలు రోజూ నగదుగా తేలిపోవాలి. సూచీ 1100 వైపు పరుగెత్తుతున్న వారంలో, బుట్ట విలువ కాగితం మీదే పెరుగుతుంది, ఫ్యూచర్స్ నష్టానికి మాత్రం రోజూ సాయంత్రం డబ్బు కట్టాలి. చివరికి 8 వస్తుందని తెలిసినా, అప్పటిదాకా మార్జిన్ కట్టే తాహతు లేనివాళ్లు మధ్యలోనే నష్టంతో బయటపడాల్సి వస్తుంది.

తెర మీద సూచీకీ ఫ్యూచర్స్‌కీ పెద్ద తేడా కనిపించినప్పుడు మొదట అనుమానించాల్సింది సూచీని. 1987 అక్టోబరు 19 ఉదయం న్యూయార్క్‌లో చాలా పెద్ద కంపెనీల షేర్లలో ట్రేడింగ్ మొదలే కాలేదు, అమ్మేవాళ్లు తప్ప కొనేవాళ్లు లేరు. తెరుచుకోని షేరుకు సూచీ శుక్రవారం ముగింపు ధరనే వాడుతుంది. అంటే తెర మీద కనిపించిన ఎస్ అండ్ పీ 500లో కొంత భాగం మూడు రోజుల పాతది. షికాగోలో ఫ్యూచర్స్ మాత్రం అప్పటి భయాన్ని అప్పుడే చూపిస్తున్నాయి. రెంటి మధ్య భారీ డిస్కౌంట్ కనబడింది. అది నిజమైన చవక అనుకున్నవాళ్లు, షేర్లు ఒక్కొక్కటే తెరుచుకునే కొద్దీ సూచీ కిందికి దిగి ఆ డిస్కౌంట్‌లో చాలా భాగాన్ని మింగేయడం చూశారు. ఆ రోజు సూచీ 20 శాతానికి పైగా పడింది, ఫ్యూచర్స్ 28 శాతానికి పైగా. మర్నాడు న్యూయార్క్ ఎక్స్ఛేంజీ తన ఆర్డర్ల కంప్యూటర్ వ్యవస్థను ప్రోగ్రామ్ ట్రేడింగ్‌కు, అంటే బుట్టలోని షేర్లన్నీ ఒక్కసారే కొనడానికో అమ్మడానికో, వాడనివ్వలేదు. అంటే ఆర్బిట్రేజ్ తాడు తెగిపోయింది, ఫ్యూచర్స్ తమ దారిన తాము నడిచాయి.

మామూలు రోజుల్లో ట్రేడర్లు ఫ్యూచర్స్ వైపు చూసేది ఈ వేగం కోసమే. వందల షేర్లు అమ్మాల్సిన చోట ఒక్క ఆర్డరు చాలు, మొత్తం విలువలో కొంత మార్జిన్ కడితే చాలు, షేర్ల మార్కెట్ మూసి ఉన్న గంటల్లోనూ చాలా చోట్ల ట్రేడింగ్ నడుస్తుంది. అందుకే వార్త మొదట కనబడేది అక్కడ.

హెడ్జింగ్‌లో, అంటే చేతిలో ఉన్న షేర్ల నష్టానికి ఫ్యూచర్స్‌తో అడ్డుకట్ట వేయడంలో, మాత్రం వెయిటేజీ మళ్లీ ఎదురొస్తుంది. ఎ, బి, సిలలో తలా 10 లక్షలు పెట్టిన ఒక ఫండ్ ఉంది. వచ్చే వారం గురించి భయంగా ఉంది, కానీ షేర్లు అమ్మడం ఇష్టం లేదు. ఫ్రీ ఫ్లోట్ సూచీ 1000, గుణకం 50, కాబట్టి ఒక కాంట్రాక్టు విలువ 50 వేలు. అరవై కాంట్రాక్టులు అమ్మితే 30 లక్షలకూ సరిపోయింది. ఆ వారం ఎ 10 శాతం పెరిగి, బి, సి చెరో 10 శాతం పడ్డాయి. ఫండ్‌కు నికరంగా లక్ష నష్టం. సూచీలో ఎ వాటా 40 శాతం కాబట్టి అది పడింది 2 శాతమే, ఫ్యూచర్స్ మీద వచ్చింది 60 వేలు. మిగతా 40 వేలు ఎక్కడికీ పోలేదు, సమాన వెయిటేజీకీ ఫ్రీ ఫ్లోట్‌కీ మధ్య ఉన్న సందులో పడిపోయాయి. కాంట్రాక్టులు ఇంకో పది అమ్మినా ఆ సందు పూడదు. చేతిలో ఉన్న బుట్ట వేరు, అమ్మిన బుట్ట వేరు.

బుట్ట లేని సూచీ

ఇప్పుడు కాన్సాస్ సిటీకి తిరిగి వెళ్లొచ్చు. వేల్యూ లైన్ సూచీలో సుమారు 1,700 కంపెనీలు, అన్నింటికీ సమాన స్థానం. అయితే వాటి మార్పులను మామూలుగా కూడి సగటు తీయలేదు. అన్నింటినీ గుణించి మూలం తీశారు, గుణ సగటు అన్నమాట.

రెండు షేర్లతో చూస్తే తేడా తెలుస్తుంది. రెండూ 100 దగ్గరున్నాయి. ఒకటి 120కి పెరిగింది, ఇంకోటి 80కి తగ్గింది. చెరోటి కొన్నవాళ్ల దగ్గర ముందూ 200, ఇప్పుడూ 200. మామూలు సగటు 100 దగ్గరే ఉంది. గుణ సగటు మాత్రం 120ని 80తో గుణించి వర్గమూలం తీస్తుంది, 97.98 వస్తుంది. ఎవరికీ ఏమీ పోలేదు, సూచీ మాత్రం 2 శాతం పడింది. ఏ షేర్లు ఎన్ని కొన్నా ఈ 97.98ని చేతిలో పట్టుకోలేం. షేర్లు ఒకదానికొకటి దూరంగా ఎంత ఊగితే, సూచీ తన బుట్ట కంటే అంత వెనకబడుతుంది. ఒక్కో షేరు ఏడాదికి 30 శాతం, బుట్ట మొత్తం 15 శాతం ఊగే మార్కెట్లో ఆ వెనకబాటు ఏడాదికి సుమారు 3.4 శాతం వస్తుంది.

ఇందాకటి 1010 లెక్కను దీనికి వేసి చూద్దాం. మూడు నెలలకు వెనకబాటు 8 పాయింట్లకు పైగా. బుట్ట మూడు నెలల్లో ఎక్కడికి చేరితే, సూచీ దానికంటే అంత కింద ఉంటుంది. కాబట్టి సరైన ఫ్యూచర్స్ ధర 1010 కాదు, 1002 దరిదాపుల్లో. మార్కెట్ మామూలు సూత్రం పట్టుకుని 1010 దగ్గర నడిపిస్తుంటే, సమాన వెయిటేజీ బుట్ట కొని ఫ్యూచర్స్ అమ్మేవాళ్లకు ఆ తేడా దాదాపు ప్రతి త్రైమాసికంలో వచ్చి పడుతుంది. బుట్టను సమానంగా ఉంచే ఖర్చు, షేర్లు అనుకున్నంత ఊగకపోయే ప్రమాదం తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు.

దీన్ని పట్టుకున్నవాళ్లలో గోల్డ్‌మన్ శాక్స్‌లో పనిచేసిన ఫిషర్ బ్లాక్ ఒకరు. ఆప్షన్ల ధర సూత్రంలో మొదట వినిపించే పేరు ఆయనదే. 1980ల మధ్యలో ఆయన బృందం వేల్యూ లైన్ ఫ్యూచర్స్ అమ్ముతూ, ఎదురుగా షేర్ల వైపు కొంటూ లాభపడింది. మిగతావాళ్లు గమనించి అదే పని మొదలుపెట్టేసరికి ధర దిగాల్సిన చోటికి దిగింది. 1988లో కాన్సాస్ సిటీ ఎక్స్ఛేంజీ తన కాంట్రాక్టును గుణ సగటు నుంచి తప్పించి, మామూలు సగటుతో లెక్కగట్టే వేల్యూ లైన్ సూచీ మీదికి మార్చింది. ఆ సూచీకి కొనుక్కోగల బుట్ట ఉంది.